లెక్క కుదిరింది, జవాబు తప్పింది: క్యూ, ఇన్వెంటరీ ప్రశ్నల మీద తరగతిలో మాట్లాడినది

(ఆపరేషన్స్ రీసెర్చ్ మిడ్ పరీక్ష పేపర్లు పంచే ముందు తరగతిలో చేసిన ప్రసంగం పాఠం)

కూర్చోండి. పేపర్లు ఇంకా పంచలేదు, కావాలనే ఆపాను. ఇప్పుడే ఇస్తే అందరూ మార్కులు కూడుకోవడంలో పడతారు, నా మాట ఎవరి చెవికీ ఎక్కదు. ఓ అరగంట ఓపిక పట్టండి. రెండు ప్రశ్నల గురించే చెప్తాను. ఒకటి ఆస్పత్రిలో ఓపీ చీటీలిచ్చే కౌంటర్ ప్రశ్న, రెండోది సిమెంటు కొట్టు ప్రశ్న.

ఈ రెండే ఎందుకంటే, వీటిలో మీరు చేసిన తప్పులు సూత్రం తెలియక చేసినవి కావు. సూత్రాలు దాదాపు అందరూ సరిగ్గానే రాశారు. చాలామంది చివర్లో సరిచూసుకున్నారు కూడా. సరిచూస్తే కుదిరింది. అయినా జవాబు తప్పు. పేపర్లు దిద్దుతున్నప్పుడు నన్ను కలవరపెట్టింది ఇదే. సరిచూసుకోండి అని మీకు నేర్పింది నేనే, ఆ సరిచూసే పద్ధతి ఇక్కడ మిమ్మల్ని కాపాడలేదు. అందుకని అది ఎందుకు కాపాడలేదో కూడా నేనే చెప్పాలి.

మొదట ఓపీ కౌంటర్. ప్రశ్న ఏమిటి? రోగులు సగటున 6 నిమిషాలకొకరు వస్తున్నారు. ఒక్కొక్కరికి చీటీ రాసివ్వడానికి సగటున 4 నిమిషాలు పడుతోంది. కౌంటర్ ఒక్కటే, M/M/1 అనుకోండి, అంటే రాకలూ పని సమయాలూ యాదృచ్ఛికంగా మారుతూ ఉండే ఒక్క కౌంటర్ క్యూ. క్యూలో ఎంతమంది ఉంటారు, ఒక్కొక్కరు ఎంతసేపు నిలబడాలి?

ముందు సరైన లెక్క చూద్దాం. 6 నిమిషాలకొకరు అంటే గంటకు 10 మంది, కాబట్టి రాకల రేటు λ = 10. మనిషికి 4 నిమిషాలంటే గంటకు 15 మంది పని అవుతుంది, కాబట్టి పని జరిగే రేటు μ = 15. కౌంటర్ మీద పడే భారం ρ = λ/μ = 10/15, అంటే 2/3. ఆ ఆవరణలో ఉండే సగటు మంది L = λ/(μ − λ) = 2. క్యూలో నిలబడినవాళ్లు Lq = 4/3. వచ్చినప్పటి నుంచి చీటీ చేతికొచ్చేదాకా పట్టే సమయం W = 1/(μ − λ) = 1/5 గంట, అంటే 12 నిమిషాలు. అందులో నిలబడి ఎదురుచూసేది Wq = 8 నిమిషాలు.

ఇప్పుడు మీ పేపర్లకు వద్దాం. కొందరు λ = 6, μ = 4 అని రాశారు. వాళ్లకు ρ = 1.5 వచ్చింది, L మైనస్ 3 వచ్చింది. కొందరు ఆ మైనస్ గుర్తు తీసేసి 3 అని రాశారు. ఆ గుర్తే మీకు తప్పు ఎక్కడుందో చెబుతోంది, దాన్నే చెరిపేశారు. క్యూలో మైనస్ ముగ్గురు ఎలా ఉంటారు అని ఒక్క క్షణం ఆగి అనుకుంటే వెనక్కి వెళ్లి చూసేవాళ్లు. 6, 4 అనేవి సమయాలు. λ, μ అనేవి రేట్లు. సమయం తీసుకెళ్లి రేటు ఉండాల్సిన చోట పెట్టారు. ఈ తప్పు తేలిగ్గా బయటపడుతుంది కనుక దీన్ని ఇంతటితో వదిలేస్తాను.

దీనికంటే పెద్దది ఇంకోటుంది. మరికొందరికి ρ ఒకటి దాటకూడదని గుర్తుంది. 6/4 ఒకటి దాటుతోంది కాబట్టి తిరగేసి λ = 4, μ = 6 అన్నారు. ఇక చూడండి. ρ = 4/6 = 2/3. సరైనదే! L = 4/(6 − 4) = 2. సరైనదే. Lq = 16/(6 × 2) = 4/3. అదీ సరైనదే. ఆ తర్వాత W = 1/(6 − 4) = 1/2 గంట, అంటే 30 నిమిషాలు. Wq = 4/(6 × 2) = 1/3 గంట, 20 నిమిషాలు. ఇవి రెండూ తప్పు. నిజానికి రావలసినవి 12, 8.

ఇలా రాసినవాళ్లు లిటిల్ సూత్రంతో సరిచూశారు. 1961లో జాన్ లిటిల్ నిరూపించిన సూత్రమే, L = λW. వాళ్ల లెక్కలో λW = 4 × 1/2 = 2. కుదిరింది. Lq = λWq = 4 × 1/3 = 4/3. అదీ కుదిరింది. పక్కన టిక్కు పెట్టి, గీత కొట్టి, తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయారు.

ఎందుకు కుదిరిందో చూద్దాం. ρ అనేది ఒక రేటును ఇంకో రేటుతో భాగించిన నిష్పత్తి. అసలు రేట్లు నిమిషానికి 1/6, 1/4. వాటి నిష్పత్తి (1/6) ÷ (1/4), అంటే 4/6. మీరు తిరగేసి రాసిన 4/6 కూడా అంతే. నిష్పత్తిలో గంటలూ నిమిషాలూ కొట్టుకుపోతాయి. L, Lq రెండూ ρ మీదే ఆధారపడతాయి, అందుకే అవి సరిగ్గా వచ్చాయి. W, Wq అలా కాదు, వాటికి గంటో నిమిషమో ఒక కొలత ఉంది. తప్పు అక్కడ బయటపడాలి. కానీ లిటిల్ సూత్రంలో మీరు మళ్లీ అదే తప్పు λ పెట్టారు. తప్పు λతో కట్టిన Wని అదే తప్పు λతో గుణిస్తే సరైన L రాక ఏమవుతుంది? తప్పు తూకపురాళ్లతో తూచిన సరుకును అదే రాళ్లతో మళ్లీ తూచినట్టు.

మరి ఎలా పట్టుకోవాలి? ప్రశ్నలో ఇచ్చిన, మీరింకా ఏ మార్పూ చేయని అంకె దగ్గరకు వెళ్లాలి. W నుంచి Wq తీసేస్తే మిగిలేది కౌంటర్ ముందు గడిపే సమయమే. అది ప్రశ్నలో 4 నిమిషాలని ఉంది. సరైన లెక్కలో 12 − 8 = 4. మీ లెక్కలో 30 − 20 = 10. చీటీ రాయడానికి 10 నిమిషాలని ప్రశ్నలో ఎక్కడుంది? λ = 4, μ = 6 అనడంలో మీరు చెప్పిందేమిటంటే, గంటకు నలుగురు వస్తారు, ఒక్కొక్కరికి 10 నిమిషాలు పడుతుంది అని. అది వేరే ఆస్పత్రి.

ఒకరిద్దరు లెక్కే చేయలేదు. 'మనిషి 6 నిమిషాలకొకరు వస్తున్నారు, పని 4 నిమిషాల్లో అయిపోతుంది, కాబట్టి క్యూ ఉండదు' అని రాశారు. వీళ్లకు కోపగించుకోలేదు, ఇది ఆలోచించి రాసిన తప్పు. రాకలు గడియారం కొట్టినట్టు సరిగ్గా 6 నిమిషాలకొకటి ఉండి, పని కచ్చితంగా 4 నిమిషాలే పడితే వాళ్లన్నది నిజం, క్యూ సున్నా. కానీ ప్రశ్నలో ఉన్నది సగటు. ముగ్గురు ఒకేసారి వస్తారు, తర్వాత పావుగంట ఎవరూ రారు. ఆ పావుగంట ఖాళీని దాచిపెట్టుకుని ముందటి ముగ్గురికీ వాడలేం. క్యూ పుట్టేది ఆ హెచ్చుతగ్గుల్లోంచే. రాకలు అలాగే ఉండి, చీటీ రాసే సమయం మాత్రం ప్రతిసారీ కచ్చితంగా 4 నిమిషాలైతే, ఎదురుచూపు 8 నుంచి సగానికి, 4 నిమిషాలకు దిగుతుంది. సున్నాకు మాత్రం దిగదు.

ఇదే ప్రశ్నలో రెండో భాగం: రెండో కౌంటర్ తెరిచి, క్యూ ఒక్కటే ఉంచితే ఎంతసేపు ఎదురుచూడాలి? ఇక్కడ ఎక్కువమంది చేసింది ఏమిటంటే, రెండు కౌంటర్లు కాబట్టి μ = 30 అనుకుని పాత సూత్రంలోనే పెట్టారు. W = 1/(30 − 10) = 1/20 గంట, 3 నిమిషాలు. ఇప్పుడు నేను చెప్పింది మీరే ప్రయోగించండి. లోపలికొచ్చి, చీటీ తీసుకుని బయటపడటానికి మొత్తం 3 నిమిషాలు. చీటీ రాయడానికే 4 నిమిషాలు కదా! కౌంటర్లు పది తెరిచినా నా చీటీ రాసేది ఒక్క మనిషే, ఆ మనిషి వేగం పెరగలేదు. గంటకు 30 మందికి రాసే ఒక్క గుమాస్తా వేరు, గంటకు 15 మందికి రాసే ఇద్దరు వేరు.

సరైన లెక్కలో ముందు రెండు అంకెలు వేరుచేసుకోవాలి. λ/μ = 2/3, దీన్ని r అందాం. ఒక్కో కౌంటర్ మీద పడే భారం ρ = λ/(2μ) = 1/3. ఒక్క కౌంటరప్పుడు ఈ రెండూ ఒకటే, అందుకే మీకు తేడా పట్టింపు లేకుండా పోయింది. రెండు కౌంటర్లప్పుడు వేరు. ఎవరూ లేకుండా ఉండే సంభావ్యత ఇది:

```
1/P0 = 1 + r + (r²/2) × 1/(1 − ρ)
     = 1 + 2/3 + 2/9 × 3/2
     = 2
P0 = 1/2
```

దీన్నుంచి Lq = P0 r² ρ / (2(1 − ρ)²) = 1/12. ఎదురుచూపు Wq = Lq/λ = 1/120 గంట, అంటే 30 సెకన్లు. మొత్తం నాలుగున్నర నిమిషాలు.

r ఉండాల్సిన చోట ρ పెట్టినవాళ్లకు P0 = 12/17 వచ్చింది. ఈ అంకెను చూస్తే ఏమీ అనుమానం రాదు, సున్నాకీ ఒకటికీ మధ్యే ఉంది. పట్టుకోవాలంటే మళ్లీ ప్రశ్న దగ్గరకే వెళ్లాలి. గంటకు 10 మంది, మనిషికి 4 నిమిషాలు, అంటే గంటకు 40 నిమిషాల పని వస్తోంది. ఒక్కరు చేసినా ఇద్దరు చేసినా ఆ పని 40 నిమిషాలే. సరైన లెక్కలో ఎవరూ లేకపోవడం 1/2, ఒక్కరే ఉండటం 1/3, ఇద్దరు లేదా అంతకు మించి ఉండటం 1/6. కాబట్టి పనిలో ఉన్న కౌంటర్ల సగటు 1/3 + 2 × 1/6 = 2/3. గంటలో మూడింట రెండొంతులంటే 40 నిమిషాలు, సరిపోయింది. మీ తప్పు లెక్కలో ఒక్కరే ఉండటం 4/17, ఆపైన 1/17. పనిలో ఉన్న కౌంటర్ల సగటు 6/17, అంటే గంటకు 21 నిమిషాల పని. మిగతా 19 నిమిషాల పని ఎవరు చేశారు? రోగులు చీటీ లేకుండా ఇంటికి పోలేదు కదా.

ఇక సిమెంటు కొట్టు. నెలకు 300 బస్తాలు అమ్ముడవుతాయి. ఒక్కసారి ఆర్డరు పెడితే లారీ బాడుగ, కాగితాల పని కలిపి 400 రూపాయలు. బస్తా ధర 360. సరుకు నిలవ ఉంచినందుకు ఏడాదికి ధరలో 20 శాతం ఖర్చు. ఒక్కసారికి ఎన్ని బస్తాలు తెప్పించాలి? 1913లో ఫోర్డ్ హారిస్ ఇచ్చిన సూత్రమే, Q = √(2DS/H). D అమ్మకం, S ఒక ఆర్డరు ఖర్చు, H ఒక బస్తాను ఏడాది నిలవ ఉంచే ఖర్చు; మొత్తం ఖర్చు అతి తక్కువయ్యే ఈ Qనే ఈఓక్యూ అంటాం.

20 శాతం అనేది ఏడాదికి చెప్పిన మాట. కాబట్టి అమ్మకం కూడా ఏడాదికే మార్చుకోవాలి. D = 3,600. H = 360లో 20 శాతం, 72 రూపాయలు. 2 × 3,600 × 400ను 72తో భాగిస్తే 40,000. వర్గమూలం 200 బస్తాలు. ఏడాదికి 18 ఆర్డర్లు, ఆర్డర్ల ఖర్చు 7,200. సగటు నిలవ 100 బస్తాలు, నిలవ ఖర్చు 7,200. మొత్తం 14,400.

మీలో చాలామంది D = 300 అనే వేశారు. నెల అమ్మకం, ఏడాది నిలవ ఖర్చు ఒకే సూత్రంలో కలిశాయి. వచ్చింది 57.7 బస్తాలు. ఇక్కడా సరిచూసుకున్నారు. ఈఓక్యూ దగ్గర ఆర్డర్ల ఖర్చు, నిలవ ఖర్చు సమానంగా ఉండాలని నేనే చెప్పాను. 300ని 57.7తో భాగిస్తే 5.2 ఆర్డర్లు, దాన్ని 400తో గుణిస్తే సుమారు 2,080. సగటు నిలవ 28.9 బస్తాలు, 72తో గుణిస్తే అదీ సుమారు 2,080. కుదిరింది! మళ్లీ టిక్కు.

ఓపీ కౌంటర్‌లో జరిగిందే ఇక్కడా జరిగింది. D ఏదైనా సరే, ఈ సూత్రంతో Q కట్టి, అదే Dతో సరిచూస్తే రెండు ఖర్చులూ సమానం కాక తప్పదు. సూత్రం పుట్టిందే ఆ సమానత్వంలోంచి. కాబట్టి ఆ పరీక్ష మీరు గుణకారం, వర్గమూలం సరిగ్గా చేశారని చెబుతుంది గానీ, సరైన అంకె ఎత్తుకున్నారని చెప్పదు.

బయటి నుంచి చూడండి. నెలకు 300 అంటే రోజుకు 10 బస్తాలు. 57.7 బస్తాలు ఆరు రోజులు కూడా రావు. అంటే నెలకు ఐదు సార్లకు పైగా, ఏడాదికి 62 సార్లు లారీ రావాలి. మీరేమో ఆర్డర్లు 5.2 అని రాశారు. ఆ 5.2 నెలకు. దాని పక్కన పెట్టిన 2,080 నిలవ ఖర్చు ఏడాదికి. కొట్టు యజమాని మీ మాట విని 58 బస్తాల చొప్పున తెప్పిస్తే, ఆర్డర్లకే ఏడాదికి దాదాపు 25,000 పెట్టాలి. నిలవ ఖర్చు కలిపితే 27,000. 200 చొప్పున తెప్పిస్తే 14,400తో పోయేది.

దీనికి ఎదురు దిక్కున ఇంకో తప్పు. H = 0.20 అని వేసి, ధరతో గుణించడం మరిచిపోయారు. వారికి 3,795 బస్తాలు వచ్చాయి. ఏడాదికి అమ్ముడయ్యేదే 3,600. పైగా అది సిమెంటు. మూడు నెలలు దాటి నిలవ ఉంటే బలం తగ్గుతుంది, తేమ తగిలితే గడ్డ కడుతుంది. మీ ఊళ్లో ఇల్లు కడుతున్నప్పుడు చూసే ఉంటారు. అంకె వచ్చిన వెంటనే దాన్ని రోజుల్లోకి మార్చండి. 200 బస్తాలు 20 రోజులు. 57.7 ఆరు రోజుల లోపు. 3,795 ఏడాదికి మించి. రోజుల్లో చెప్పుకుంటే ఏది ఒప్పో ఏది తప్పో పరీక్ష హాల్లో టెన్షన్‌లో కూడా కనిపిస్తుంది.

చివరిది డిస్కౌంటు. 400 బస్తాలు లేదా అంతకు మించి తీసుకుంటే కంపెనీ ధరలో 5 శాతం తగ్గిస్తుంది, బస్తా 342కి ఇస్తుంది. తీసుకోవాలా వద్దా?

ఒక జట్టు ఇలా రాసింది: 400 తెప్పిస్తే ఆర్డర్లు 9, ఖర్చు 3,600. కొత్త H = 68.40, సగటు నిలవ 200 కాబట్టి 13,680. మొత్తం 17,280. ఇది 14,400 కంటే ఎక్కువ, కాబట్టి డిస్కౌంటు వద్దు. అంకెలన్నీ ఒప్పే, నిర్ణయం తప్పు. మామూలు ఈఓక్యూలో సరుకు కొన్న డబ్బు లెక్కలోకి తీసుకోం, ఎందుకంటే Q ఎంతైనా ఏడాదికి కొనేది అవే 3,600 బస్తాలు, అదే ధరకి. ఇక్కడ ధరే Qతో మారుతోంది, ఇక దాన్ని వదలకూడదు. 360 చొప్పున కొంటే 12,96,000, దానికి 14,400 కలిపితే 13,10,400. 342 చొప్పున కొంటే 12,31,200, దానికి 17,280 కలిపితే 12,48,480. నిలవకూ ఆర్డర్లకూ 2,880 అదనంగా పెట్టి, కొనుగోలులో 64,800 మిగుల్చుకుంటున్నాం. నికరంగా 61,920 లాభం.

ఇంకో జట్టు కొనుగోలు కలిపింది, కానీ 342 ధరతో ఈఓక్యూ కట్టి 205 బస్తాలు తెచ్చుకుంది. ఆ 205కే మొత్తం ఖర్చు 12,45,235 అని, ఇదే అన్నింటికంటే తక్కువని తేల్చింది. చూడటానికి తక్కువే. కానీ 205 బస్తాలకు 342 ధర ఎవరిస్తారు? అది 400 దాటినవాళ్లకే. 205 దగ్గర ధర మళ్లీ 360. అందుకే డిస్కౌంటు ధరకు వచ్చిన ఈఓక్యూ హద్దుకు లోపల పడితే, దాన్ని పక్కన పెట్టి హద్దు దగ్గర, అంటే 400 దగ్గర ఖర్చు చూడాలి.

అడగమ్మా. (మూడో వరుస నుంచి ఒక విద్యార్థిని: సార్, 400 దగ్గర ఆర్డర్ల ఖర్చు 3,600, నిలవ ఖర్చు 13,680. సమానంగా లేవు కదా, అందుకే తప్పనుకుని కొట్టేశాను.)

మంచి ప్రశ్న. నువ్వొక్కదానివే కాదు, ఇద్దరు ముగ్గురు సరైన జవాబు రాసి కొట్టేసిన పేపర్లు ఉన్నాయి. ఆ రెండు ఖర్చులు సమానం కావలసింది ఈఓక్యూ దగ్గర మాత్రమే. 400 ఈఓక్యూ కాదు, కంపెనీ గీసిన గీత. డిస్కౌంటు కోసం మనకు కావలసినదాని కంటే ఎక్కువ తెప్పిస్తున్నాం కాబట్టి నిలవ ఖర్చు ఎక్కువగానే ఉండాలి, ఆర్డర్ల ఖర్చు తక్కువగానే ఉండాలి. ఇక్కడ అవి సమానంగా వచ్చి ఉంటే అప్పుడు అనుమానించాలి. ఇక్కడ సరిచూసుకోవలసింది వేరు: 400 బస్తాలు ఎన్నాళ్లొస్తాయి? 40 రోజులు. మూడు నెలల లోపే, సిమెంటు పాడు కాదు. కొట్టులో ఒకేసారి 400 బస్తాలు దించే చోటుందా అన్నది ప్రశ్నలో ఇవ్వలేదు. ఒకరు మాత్రం 'చోటు ఉంటే' అని చివర్లో రాశారు, ఆ మాటకు ఒక మార్కు వేశాను.

కొట్టేసిన జవాబులు చదవగలిగినవి నేను చదివాను, సరైన లెక్కకు మార్కులు వేశాను. λ = 4, μ = 6 అని రాసినవాళ్లకు L, Lq మార్కులు ఇవ్వలేదు, అంకె ఒప్పయినా సరే. ఎందుకో ఇందాక చెప్పాను, ఇంకా ఒప్పుకోనివాళ్లు పేపరు తీసుకుని నా దగ్గరకు రండి, పక్కన కూర్చుని చూద్దాం. ముందు వరుస వాళ్లు లేచి పంచండి.